చుక్కదేముంది లెండి!

గల్ఫ్‌లోని ఒక నిర్మాణ స్థలానికి వెళ్ళవలసిన హెచ్చరిక బోర్డును హైదరాబాదులోని ఒక డిజైన్ ఆఫీసువారు మొన్న ఒక్క పూటలో తయారు చేసి చరిత్ర సృష్టించారు. అనువాదకుడు అరబ్బీలో 'ఖతర్', అంటే ప్రమాదం, అని సవ్యంగానే రాసి పంపాడు. పాత వెర్షన్ ఫొటోషాప్‌లో అతికించగానే మూడక్షరాలూ ఒకదాని చెయ్యి మరొకటి వదిలేసి, ఎడమ నుంచి కుడికి విడివిడిగా నిలబడ్డాయి. కుడి నుంచి చదివేవారికి అది మనకు 'దంమాప్ర' వంటిది. సెట్టింగుల్లో Type విభాగానికి వెళ్ళి World-Ready Layout ఎంచుకుని, కొత్త ఫైలు తెరిచి మళ్ళీ అతికిస్తే అక్షరాలు వాటంతటవే కలుస్తాయని ఎవరో చెప్పగా, డిజైనరు మహానుభావుడు ఆ పని చేశాడు. ఆ వెంటనే అందం కోసం అక్షరాల మధ్య ఎడం పెంచి, కలిసినవాటిని మళ్ళీ విడదీశాడు. అరబ్బీలో ఆ ఎడం సున్నా దగ్గరే ఉండాలన్న సంగతి అందానికి అడ్డు కాబోలు.

ఎడం సరిదిద్దాక నేపథ్యం వంతు వచ్చింది. తెల్లని అక్షరాలను పరంజా ఫొటో మీద పరిచారు. అరబ్బీలో 'ఖతర్'కూ, నిషేధం అనే అర్థమున్న 'హజ్ర్'కూ రాతలో ఒక్క చుక్కే తేడా: అది మొదటి అక్షరం మీదుంటే ప్రమాదం, రెండో దాని మీదుంటే నిషేధం. మొదటి అక్షరపు చుక్క తెల్ల మబ్బులో కలిసిపోయింది. సరిగ్గా రెండో అక్షరం నెత్తిన పరంజా బోల్టు ఒకటి ధగధగ మెరిసింది. ఆ విధంగా, వ్యాకరణం బొత్తిగా ఎరుగని ఒక ఇనుప బోల్టు అనువాదాన్ని తిరగరాసింది. ఆఫీసు కిందనే ఉన్న ఇరానీ హోటల్లో ఉర్దూ చదివిన ఏ పెద్దమనిషికి చూపించినా చాయ్ చల్లారేలోగా పట్టుకునేవాడు.

హెచ్చరిక కింద రాసిన వివరణ మరీ ఘనం. ఇంగ్లిషుకు పెట్టిన 40 పిక్సెళ్ళే అరబ్బీకీ పెట్టడంతో అది చిన్నబోయింది. 48 చేసి ఉంటే రెండూ సమంగా కనబడేవి. వరుసల దూరం అక్షరాల సైజుకు 1.2 రెట్లే ఉండడంతో పై వరుస అక్షరాల తోకలు కింది వరుస చుక్కల్లోకి దిగాయి, 1.7 చేస్తే విడిపోయేవి. మందమైన కూఫీ ఫాంటుకు పైపెచ్చు అంచు గీత గీయడంతో జంట చుక్కలు అతుక్కుని ఒకే మచ్చయ్యాయి. సాదా నస్ఖ్ ఫాంటు పెట్టి, అక్షరాల వెనక ముదురు పలక ఒకటి పరిస్తే మబ్బూ బోల్టూ రెండూ దాని కిందికి పోయేవి. అనువాదకుడి ప్రతిని పక్కన పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టడానికి అరబ్బీ రానక్కరలేదు, లెక్క వస్తే చాలు.

ఈ మాటే చెబితే "చుక్కదేముంది లెండి, డిజైన్ బాగుంది కదా" అన్నారు. సిగ్గుండాలి! పాత సాఫ్ట్‌వేర్‌లో మన ఒత్తులు ఊడి పక్కన పడితే తెలుగును చంపేశారని గుండెలు బాదుకున్నది ఈ నోరే కదా? ఆ బోర్డు కింద నిలబడేవాడి నెత్తిన పడేది చుక్క కాదు, పరంజా.

బోర్డు అచ్చుకు వెళ్ళిపోయింది. బిల్లులో అరబ్బీ అమరికకు విడిగా వసూలు చేశారు.