ఖాళీని పూడ్చే సూత్రం ఎవరి చట్టంలోంచి వస్తుంది?

వివాదానికి ఒప్పందంలో సమాధానం దొరకదు, దేశాల ఆచారంలోనూ దొరకదు. అయినా ట్రిబ్యునల్ ఏదో ఒకటి తేల్చాలి. "చట్టం లేదు కనుక తీర్పు లేదు" అని చేతులెత్తేసే పరిస్థితి రాకూడదనే, 1920లో హేగ్‌లో కూర్చున్న న్యాయనిపుణులు "నాగరిక దేశాలు గుర్తించిన సాధారణ న్యాయసూత్రాల"ను అంతర్జాతీయ న్యాయానికి ఒక ఆధారంగా రాశారు. నేటి అంతర్జాతీయ న్యాయస్థానం శాసనంలోని 38వ అధికరణలోనూ ఆ మాటలే ఉన్నాయి. ఆ "నాగరిక" అనే మాట ఎంత పని చేయగలదో అబూధాబీ కేసు చూపించింది.

1939లో అబూధాబీ షేక్ ఒక చమురు కంపెనీకి 75 ఏళ్ల హక్కులు రాసిచ్చారు. ఆ హక్కులు సముద్రగర్భానికీ వర్తిస్తాయా అన్నదే తగాదా. 1951లో మధ్యవర్తిగా దాన్ని తేల్చిన బ్రిటిష్ న్యాయమూర్తి లార్డ్ ఆస్క్విత్ ముందుగా ఒక సరైన మాటే అన్నారు: ఒప్పందం కుదిరింది అబూధాబీలో, అమలు కావలసిందీ అక్కడే, కాబట్టి వర్తించవలసింది అక్కడి చట్టమే. ఆ వెంటనే, ఆధునిక వాణిజ్య పత్రాలకు పనికొచ్చే స్థిరమైన చట్టం ఆ "ఆదిమ" ప్రాంతంలో ఉందనుకోవడం ఊహాగానమేనని కొట్టిపారేశారు. అలా ఏర్పడిన ఖాళీలోకి ఇంగ్లిష్ చట్టంలోని కొన్ని నియమాలను "ఆధునిక ప్రకృతి న్యాయం" పేరుతో తెచ్చారు. పత్రంలో వాడిన పదాలకే అత్యంత ప్రాధాన్యం అన్నది వాటిలో ఒకటి.

అది నిజంగా అందరిదీ అయిన సూత్రమేనా? ఇస్లామిక్ న్యాయం ఆధారంగా ఒట్టోమన్ సామ్రాజ్యం 1876 నాటికి పూర్తి చేసిన మెజెల్లె అనే పౌరస్మృతి మూడో అధికరణం, ఒప్పందాల్లో మాటల కంటే ఉద్దేశానికీ అర్థానికీ విలువ ఇవ్వాలంటుంది. అది అబూధాబీలో అమల్లో ఉందని నేను అనడం లేదు. కానీ పక్కనే ఉన్న ఒక పెద్ద న్యాయ సంప్రదాయాన్ని తెరిచి చూసి ఉంటే, ఆ నియమం సార్వత్రికమని అంత ధీమాగా చెప్పడం కుదిరేది కాదు.

ఆస్క్విత్‌కు వడపోత తెలియక కాదు. సార్వభౌముడు ఇచ్చిన హక్కు పత్రాన్ని ఆయనకే అనుకూలంగా చదవాలన్న ఇంగ్లిష్ నియమాన్ని, అది ఇంగ్లండ్ ఫ్యూడల్ చరిత్రలో పుట్టిందంటూ పక్కన పెట్టారు. ఆ ఒక్క నియమానికి వేసిన ప్రశ్నను మిగతావాటికీ వేయలేదన్నదే నా అభ్యంతరం. ఫలితం ఏకపక్షం కాదు: తీరానికి ఆనుకున్న ప్రాదేశిక జలాల కింది నేల కంపెనీకి దక్కింది, దాని అవతల సముద్రం కింద కొనసాగే కాంటినెంటల్ షెల్ఫ్ దక్కలేదు. తప్పు తీర్పులో కన్నా పద్ధతిలో ఉంది.

పద్ధతి ఎలా ఉండాలో మన దేశం ప్రతివాదిగా ఉన్న కేసులో కొంత కనిపిస్తుంది. భారత భూభాగం మధ్యలో ఉన్న తన వలస ప్రాంతాలు దాద్రా, నగర్ హవేలీలకు దారి కావాలని వాదించిన పోర్చుగల్, చుట్టూ పరాయి భూమి ఉన్నవారికి దారి హక్కు ఉంటుందని చూపడానికి అనేక దేశాల చట్టాలను పోల్చి అంతర్జాతీయ న్యాయస్థానం ముందు పెట్టింది. 1960 తీర్పులో న్యాయస్థానం ఆ అధ్యయనం జోలికి పోలేదు. స్థానిక ఆచారం చాలంటూ వ్యక్తులకు, పౌర అధికారులకు, సరుకులకు మాత్రం గతంలో దారి హక్కు ఉండేదని, సైన్యానికి లేదని చెప్పింది. భారత్ ఆ హక్కును ఉల్లంఘించలేదని కూడా తేల్చింది. వాదన నెగ్గలేదు గానీ, పోల్చి చూపే భారాన్ని పోర్చుగల్ తలకెత్తుకుంది.

పోల్చడంతోనే పని అయిపోదు. ఇరుగుపొరుగు పొలాల మధ్య దారికి సరిపోయే నియమం రెండు దేశాల సరిహద్దుకు సరిపోతుందా అన్నది వేరే పరీక్ష. సాధారణ న్యాయసూత్రాలపై ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ కమిషన్ 2023లో తొలి పఠనంలో ఆమోదించిన ముసాయిదా ఈ రెండు మెట్లనూ కోరుతోంది. "నాగరిక దేశాల" స్థానంలో "దేశాల సమాజం" అని కూడా రాసింది. ఇకపై ఏ మధ్యవర్తి అయినా "ఇది సాధారణ సూత్రం" అన్నప్పుడు, ఎన్ని సంప్రదాయాలు చూశారో, వాటిలో ఓడిన పక్షానిది ఉందో లేదో తీర్పులోనే రాయాలి.