చదివే గంటలు, వచ్చే మార్కులు: మైనస్ 0.63 చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం వైపు తెలుగు పిల్లలు వెళ్లే ట్యూషన్లలో పదో తరగతి లెక్కల మార్కులన్నీ ఎక్సెల్ షీటులో ఉన్నాయనుకుందాం. వారానికి ఎవరు ఎన్ని గంటలు చదివారో పక్క వరుసలో చేర్చి =CORREL(A2:A7,B2:B7) అని కొడితే సహసంబంధ గుణకం వెంటనే వచ్చేస్తుంది. అది రెండు వరుసల అంకెలు ఎంతగా కలిసి మారుతున్నాయో చెప్పే, మైనస్ ఒకటికీ ప్లస్ ఒకటికీ మధ్య ఉండే సంఖ్య. చిక్కల్లా దాన్ని చూసి తల్లిదండ్రులు తీసుకునే నిర్ణయాల దగ్గరే.

లెక్క తేలిగ్గా ఉండేందుకు ఆరుగురు పిల్లలకు కొన్ని అంకెలు ఊహించుకుందాం. వారు వారానికి 2, 4, 6, 8, 10, 12 గంటలు చదివారు; వచ్చిన మార్కులు అదే వరుసలో 76, 78, 86, 56, 58, 66. గంటల సగటు 7, మార్కుల సగటు 70. ఒక్కొక్కరి గంటలు సగటుకు ఎంత దూరంలో ఉన్నాయో, మార్కులు ఎంత దూరంలో ఉన్నాయో చూసి, ఆ రెండు తేడాలనూ గుణించి కూడితే మైనస్ 140 వస్తుంది. ఆరు లబ్ధాల్లో ఒక్కటీ ధనాత్మకం కాదు. గంటల తేడాల వర్గాల మొత్తం 70, మార్కుల తేడాల వర్గాల మొత్తం 712. ఈ రెండింటి లబ్ధానికి వర్గమూలం సుమారు 223. మైనస్ 140ని దానితో భాగిస్తే మైనస్ 0.63 వస్తుంది. అంటే ఎక్కువ చదివినవారికే తక్కువ మార్కులు వచ్చాయి.

ఇందులో అబద్ధమేమీ లేదు. ఈ ఆరుగురిలో ఒకరి గంటలు మాత్రమే చెప్పి మార్కులు ఊహించమంటే, గంటలు ఎక్కువైనవారికి తక్కువ మార్కులు ఊహించడమే సబబు. అయితే మొదటి ముగ్గురూ తొమ్మిదో తరగతిలోనే బీజగణితం గట్టిగా వచ్చినవారనీ, తర్వాతి ముగ్గురూ పునాది బలహీనంగా ఉండి, మార్కులు తగ్గాయన్న భయంతో ఇంట్లోవాళ్లు ఎక్కువసేపు కూర్చోబెడుతున్నవారనీ తెలిస్తే కథ మారిపోతుంది. మొదటి ముగ్గురికే విడిగా లెక్క కడితే గుణకం 0.94, తర్వాతి ముగ్గురికి కూడా 0.94. రెండు గుంపుల్లోనూ గంటలు ఎక్కువైనవారికే మార్కులు ఎక్కువ. కలిపి చూసినప్పుడే గుర్తు తిరగబడింది. ఎందుకంటే కలిపిన లెక్కలో తక్కువ మార్కులే ఎక్కువ గంటలకు కారణంగా నిలిచాయి. సంఖ్యాశాస్త్రంలో దీన్ని సింప్సన్ వైరుధ్యం అంటారు. ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో రాసిన వ్యాసం వల్ల ఆ పేరు వచ్చినా, ఇలాంటి చిక్కును ఉడ్నీ యూల్ 1903లోనే ఎత్తి చూపారు. గ్రాఫు కాగితం మీద ఆరు చుక్కలు పెట్టి చూస్తే పైన ఒక గుంపు, కింద ఒక గుంపు వేర్వేరుగా కనబడతాయి. సూత్రం మాత్రం ఆ సంగతి చెప్పదు.

0.94 చూసి అటువైపు పరుగెత్తడమూ తొందరపాటే. ఆ గుణకం చుక్కలు ఒక సరళరేఖకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెబుతుందే తప్ప, గంటకు ఎన్ని మార్కులు పెరుగుతాయో చెప్పదు. మన లెక్కలో అదనపు గంటకు సగటున 2.5 మార్కుల తేడా ఉంది. 76, 78, 86 స్థానంలో 79.6, 79.8, 80.6 పెట్టి చూడండి: గంటకు తేడా పావు మార్కుకు పడిపోతుంది, గుణకం మాత్రం అదే 0.94. పిల్లవాడి సాయంత్రం ఆట మానిపించాలా వద్దా అని తేల్చుకోవాల్సిన ఇంటికి కావలసింది గంటకు ఎన్ని మార్కుల తేడా ఉందో చెప్పే ఆ వాలు. ఎక్సెల్‌లో దానికి SLOPE అని వేరే ఫంక్షనే ఉంది, ఎందుకో దాని జోలికి ఎవరూ పోరు.

పైగా ముగ్గురంటే మరీ తక్కువ. సంబంధం అసలే లేకున్నా యాదృచ్ఛికంగా ఇంత పెద్ద గుణకం రావచ్చు. సంబంధం లేకున్నా అంత పెద్ద గుణకం వచ్చే అవకాశం 5 శాతానికి మించకూడదని సాధారణంగా వాడే కొలమానం ప్రకారం ముగ్గురి విషయంలో అది 0.997 దాటాలి, ఆరుగురికైతే, గుర్తు ఏదైనా, 0.81 దాటాలి. కాబట్టి మన మైనస్ 0.63 కూడా ఆ గీత దాటలేదు. అసలు తరగతిలో నలభై మంది ఉన్నా మరో తంటా ఉంటుంది: గంటలు పిల్లలు చెప్పినవే. పుస్తకం ముందు ఫోను చూస్తూ గడిపిన సమయం కూడా అందులో కలుస్తుంది. అలాంటి పొరపాట్లు ఎటుపడితే అటు ఉంటే గుణకం సున్నా వైపు జారుతుంది. వెనకబడినవారే ఎక్కువ చేసి చెబితే అది మరో పక్కకు ఒరుగుతుంది.

ట్యూషన్ నడిపేవారు నిజంగా తెలుసుకోవాలనుకుంటే, తొమ్మిదో తరగతి మార్కులు మూడో వరుసగా చేర్చి, దాదాపు ఒకే మార్కులతో మొదలైనవారిని మాత్రమే పరస్పరం పోల్చాలి. అప్పటికీ ఆసక్తి ఉన్న పిల్లలే ఎక్కువసేపు చదివి ఉంటారన్న అనుమానం మిగులుతుంది. అది తీరాలంటే కొన్ని వారాలపాటు ఎవరికి అదనపు గంట ఇవ్వాలో చీటీలు తీసి నిర్ణయించి, ఆ తర్వాతి పరీక్షలో రెండు జట్ల సగటు మార్కులను పోల్చాల్సి ఉంటుంది.