సాగిన చెవి తమ్మెను నూనె బిగించదు

“బరువైన కమ్మలతో చెవులకు ఏమీ కాదు. మన అమ్మమ్మలు తులాల కొద్దీ బుట్టలు పెట్టుకున్నారు. తమ్మె సాగినా రోజూ రాత్రి కొబ్బరినూనె రాసి మర్దన చేస్తే నెలలో రంధ్రం చిన్నదవుతుంది. శీల మాత్రం గట్టిగా బిగించుకోండి, కమ్మ ముందుకు వాలదు.”

చాలామంది ఇచ్చే సలహా ఇది. ఇందులో ముందు నూనె సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ మాట నమ్మి మా అమ్మ ఏడాది పోగొట్టుకుంది. చెవి తమ్మెలో మృదులాస్థి ఉండదు. చర్మం, కొవ్వు, వాటిని పట్టి ఉంచే పీచు కణజాలం, అంతే. చెవి కుట్టిన తర్వాత పుండు మానేటప్పుడు రంధ్రం లోపలి గోడ మీద కూడా చర్మం పరుచుకుంటుంది. కమ్మ తీసి పెట్టినా నొప్పి తెలియకపోవడానికి కారణం అదే. సాగిన రంధ్రం అంచులు మళ్ళీ కలవకపోవడానికీ అదే కారణం. రెండు వేళ్ళను నెల రోజులు ఆనించి కట్టినా అతుక్కుంటాయా? ఇదీ అంతే. నూనె పొడిబారిన చర్మాన్ని మెత్తబరుస్తుంది, సాగిన పీచును వెనక్కి లాగలేదు.

అమ్మ ఎడమ చెవి రంధ్రం బియ్యపుగింజంత నిలువు గీతగా మారింది. దాని అడుగున నూలుపోగంత చర్మం మాత్రం మిగిలింది. మర్దన చేస్తూనే ఉంది, బుట్టలు పెట్టుకుంటూనే ఉంది. ఒక పెళ్ళిలో చీర కొంగు బుట్టకు చిక్కుకుని ఆ పోగు కాస్తా తెగింది. డాక్టరు తమ్మెకు మత్తుసూది ఇచ్చి, రెండు అంచుల మీద ఉన్న చర్మాన్ని సన్నగా కోసి తీసి, పచ్చి అంచులను కలిపి కుట్టారు. వారం తర్వాత కుట్లు విప్పారు. మూడు నెలలకు మచ్చ మీద కాకుండా పక్కన మళ్ళీ చెవి కుట్టించుకుంది. గాయం మానాక మచ్చ గడ్డలా పెరిగే ఒంటితీరు ఉన్నవాళ్ళు కుట్లు వేయించుకునే ముందే ఆ మాట డాక్టరుతో చెప్పాలి.

అమ్మమ్మల చెవులకు ఏమీ కాలేదన్నది నిజం కాదు. సాగాయి, అప్పటివారు దాన్ని లోపమని అనుకోలేదు, అంతే తేడా. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో పాంబడాలనే బరువైన కమ్మలు పెట్టుకునే వృద్ధురాళ్ళ చెవులు భుజాల దాకా వేలాడేవి. అది కోరి సాగదీసుకున్న అందం. కోరుకోని వారికి దాన్ని ఉదాహరణగా చూపడం తప్పు. పైగా మన పెద్దలు బరువు మోయడానికి ఉపాయం కూడా చేసుకున్నారు. మాటీలు పుట్టింది అలంకారం కోసమే కాదు. చెవి పైన జుట్టులోకి కొక్కెం గుచ్చి గొలుసును బిగువుగా ఉంచితే బుట్ట బరువులో కొంత జుట్టు మీదికి పోతుంది. గొలుసు వదులుగా వేలాడితే మాత్రం ఆ మాటీ బరువు కూడా చెవికే చేరుతుంది. ఈ చిన్న తేడా తెలియక మాటీలు పెట్టుకుని కూడా చెవులు సాగదీసుకుంటున్నవారు చాలామంది.

శీల గట్టిగా బిగించమనడం ఇంకా హానికరం. కమ్మ ముందుకు వాలుతోందంటే బరువు ముందువైపు ఉందని, లేదా రంధ్రం అప్పటికే సాగిందని అర్థం. బిగిస్తే తమ్మె నలిగి రక్తం సరిగా ఆడదు, వాస్తుంది, శీల తల చర్మంలోకి దిగబడుతుంది. శీల పెట్టాక కమ్మను వేళ్ళతో తిప్పితే సులువుగా తిరగాలి. వాలకుండా ఆపేది బిగువు కాదు, శీల వెనుక బిళ్ళ వెడల్పు. వెడల్పయిన బిళ్ళ కమ్మను వెనుక నుంచి ఆనుకుని నిలబెడుతుంది. కాడ కూడా మరీ సన్నగా ఉండకూడదు, సన్నని తీగ బరువుకు కత్తిలా కోస్తుంది. శీల తగిలిన చోట దురద, రసి కనిపిస్తే అందులో నికెల్ కలిసి ఉండవచ్చు. కమ్మ బంగారమే అయినా శీల వేరే లోహం కావచ్చు, అడిగి తెలుసుకోండి.

ఇక కొనేటప్పుడు జత బరువు చూసి మురిసిపోకుండా సగం చేసి చూడండి. 24 గ్రాముల జత అంటే ఒక్కో చెవికి 12. అందులో దిద్దు 4, బుట్ట 8 అనుకుందాం. బుట్టను విడిగా తీసే కొక్కెం పెట్టించుకుంటే ముహూర్తానికి తగిలించి, భోజనాల వేళకు తీసేయవచ్చు. మిగతా పూటంతా చెవి మోసేది నాలుగు గ్రాములే. అదే పరిమాణం కావాలంటే గుల్లగా చేసినవో, తీగపనివో చూడండి. కరీంనగర్ వెండి తీగపనిలో లోహం కంటే ఖాళీ ఎక్కువ కాబట్టి పెద్దగా కనిపిస్తూనే తేలిగ్గా ఉంటాయి. గుల్లవి నొక్కుకుపోతాయి, ఆ ఇబ్బంది మాత్రం ఉంది.

కమ్మలు తీసి అద్దంలో చూసుకోండి. రంధ్రం చుక్కలా ఉంటే మంచిది. గీతలా ఉంటే వేలాడేవి మానేసి, వెడల్పు బిళ్ళ ఉన్న తేలికపాటి దిద్దులకు మారండి. తమ్మె వెనుక అంటించే పారదర్శకమైన పట్టీలు ఒక పూట ఫంక్షనుకు బరువు ఆపగలవు. అడుగున నూలుపోగంతే మిగిలి ఉంటే వాటినీ నమ్మకండి, తెగక ముందే డాక్టరుకు చూపించండి.