‘ఉచితం’ పక్కనే ఉండాల్సిన ₹1,499

మా బాబాయి విశాఖ స్టీల్ ప్లాంటులో రిటైరై కూర్మన్నపాలెంలో ఉంటున్నాడు. మోకాళ్ల నొప్పులకు ఇంట్లోనే చేసుకునే వ్యాయామాలు నేర్పుతామని ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఫిట్‌నెస్ యాప్ ప్రకటన కనిపిస్తే, ఏడు రోజుల ఉచిత ట్రయల్ తీసుకున్నాడు. మూడో రోజుకే విసుగొచ్చి ఫోన్‌లోంచి యాప్ తీసేశాడు. ఎనిమిదో రోజు పొద్దున్నే బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది: ₹1,499 కట్.

“యాప్ తీసేశాను కదరా, మరి దేనికి కట్ చేశార్రా?” అని నాకు ఫోన్ చేశాడు.

జవాబు నాకు తెలుసు. సిగ్గేసింది కూడా అందుకే. ద్వారకానగర్‌లో కూర్చుని ఇలాంటి ప్రకటనలకు తెలుగు క్యాప్షన్లు రాయడమే నా పని. బాబాయి చూసినది నేను రాసింది కాదు గానీ, దాని అన్నదమ్ముల్లాంటివి చాలానే రాశాను.

ఆ క్యాప్షన్ తెప్పించుకుని చూశాను. మొదటి లైన్లో “7 రోజులు పూర్తిగా ఉచితం!” అని ఉంది. తర్వాత కండలు తిరిగిన చేతుల బొమ్మలు, “రోజుకు ₹4 తోనే మీ ఆరోగ్యం మీ చేతుల్లో” అని ఒక మాట, ఆపైన పది హ్యాష్‌ట్యాగులు. అన్నిటికీ అడుగున ఇంగ్లీషులో మూడు ముక్కలు: టర్మ్స్ అప్లై, ఆటో రెన్యూస్, క్యాన్సిల్ ఎనీటైమ్. వెతికితే ఇందులో పచ్చి అబద్ధం దొరకడం కష్టం. తెలియాల్సినది మాత్రం ఒక్కటీ తెలియదు.

మొదట భాష సంగతి. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటనలో ఏ భాషలో ఊరిస్తారో, దాని కింద రాసే షరతు కూడా అదే భాషలో, అదే అక్షరాల తీరులో ఉండాలని అందులో ఉంది. అంటే ‘ఉచితం’ అని తెలుగులో పిలిచి, డబ్బు సంగతి ఇంగ్లీషులో గొణగకూడదు. మన దగ్గర ఎక్కువ ప్రకటనలు తప్పేది ఇక్కడే. కావాలని చేసేవాళ్లు కొందరున్నారు. మిగతావాళ్లకు ఆ అడుగు ముక్క హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఇంగ్లీషులోనే వస్తుంది, తెలుగు చేయాలని ఎవరికీ తోచదు.

తర్వాతది చోటు సంగతి. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ 2,200 అక్షరాల దాకా రాయొచ్చు గానీ, ఫీడ్‌లో మామూలుగా కనిపించేది మొదటి 125 అక్షరాల చిల్లరే. మిగతాది చదవాలంటే ‘more’ నొక్కాలి. పైగా తెలుగుకు లెక్క వేరు. గుణింతం గుర్తు, పొల్లు కూడా ఒక్కొక్కటి ఒక్కో అక్షరం కింద పడతాయి. ‘కట్’ కంటికి రెండక్షరాలే, లెక్కలో మూడు. అందుకే తెలుగులో ధర పట్టదని, కింద వేస్తామని క్లయింట్లు అంటుంటారు. నేనూ చాలాకాలం అదే నమ్మాను. బాబాయి ఫోన్ వచ్చిన సాయంత్రం కూర్చుని రాసి చూశాను:

“7 రోజులు ఉచితం. మీరు ఆపకపోతే ఆ తర్వాత ఏటా ₹1,499 మీ ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది.”

ఖాళీలతో కలిపి లెక్కపెట్టినా 90 అక్షరాలు దాటలేదు. ‘పూర్తిగా’ తీసేశాను, ఉచితంలో సగం ఉచితం ఉండదు కాబట్టి. ‘ఆటో రెన్యువల్ వర్తిస్తుంది’ అన్నదీ తీసేశాను. రెన్యువల్ అంటే మనవాళ్లకు బండి ఇన్సూరెన్స్ గుర్తొస్తుంది. అక్కడ మనం వెళ్లి కడితేనే రెన్యువల్, కట్టకపోతే పోతుంది. ఇక్కడ ఊరుకుంటేనే రెన్యువల్. అర్థం సరిగ్గా తిరగబడిన చోట ఆ మాట పెట్టి, చెప్పేశాం అనుకోవడం కుదరదు. ‘కట్ అవుతుంది’ అంటే కూర్మన్నపాలెంలోనైనా భీమిలిలోనైనా ఎవరికీ అనుమానం ఉండదు.

‘ఏడాదికి’ బదులు ‘ఏటా’ అని రాయడం కూడా చూసుకుని చేసిన పనే. ‘ఏడాదికి ₹1,499’ అంటే ఒకసారి కడితే అయిపోయిందని అనుకునే వీలుంది. నెలనెలా కట్ అయ్యే డబ్బు కనీసం నెలకోసారి గుర్తొస్తుంది. సంవత్సరం తర్వాత వచ్చే కోతకు మనిషి దగ్గర ఏ గుర్తూ మిగలదు.

ధర రాయడంలో ఒక పాత కిటుకుంది. 1,499ని 365తో భాగించి ‘రోజుకు ₹4’ అంటారు. భాగహారం సరైనదే. కానీ ఆ యాప్‌ను రోజుకు నాలుగు రూపాయల చొప్పున ఎవరూ అమ్మరు, అలా కట్టే దారీ లేదు. ఖాతాలోంచి ఒక్కసారిగా పోయే మొత్తమేదో అదే ధర. జీఎస్టీ కలపని అంకె వేయడం కూడా ఇలాంటిదే. 1,499 మీద 18 శాతం కలిపితే ₹1,768.82 అవుతుంది. క్యాప్షన్‌లో మొదటిది వేసి ఖాతాలోంచి రెండోది లాగితే, మిగతా క్యాప్షన్ ఎంత నిజాయితీగా రాసినా నీళ్లపాలే.

ఇక ఆపడం. బాబాయి కేసులో అసలు ముడి ఇక్కడే ఉంది, క్యాప్షన్లు రాసే మాలాంటి వాళ్లు ఎక్కువ తప్పులు చేసేదీ ఇక్కడే. ముందుగా తన ఫోన్‌లో Play Store తెరిపించి, పైన తన బొమ్మ నొక్కించి, Payments & subscriptions లోకి, అక్కణ్నుంచి Subscriptions లోకి పంపించాను. అక్కడేమీ లేదు. బాబాయి కంగారు పెరిగింది. ప్రకటన నొక్కినప్పుడు తాను ప్లే స్టోర్‌కు కాకుండా ఒక వెబ్ పేజీకి వెళ్లానని, అక్కడ యూపీఐ పిన్ కొట్టానని, రెండు రూపాయలు కట్ అయ్యాయని అప్పుడు చెప్పాడు. అంటే ఆటోపే పెట్టించారు, గడువు రాగానే డబ్బు దానంతటదే లాగేసుకునే అనుమతి అన్నమాట. దాన్ని ఆపాలంటే తన యూపీఐ యాప్‌లోని ఆటోపే జాబితాకే వెళ్లాలి. వెళ్లి చూస్తే యాప్ పేరు లేదు, ఎప్పుడూ వినని ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరుంది. దాన్ని రద్దు చేశాం. వచ్చే ఏడాది కోత ఆగింది గానీ, పోయిన ₹1,499 పోయింది. దానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయించాను.

మెసేజీల్లో వెనక్కి వెళ్తే ఇంకొకటి బయటపడింది. ఇలా దానంతటదే కట్ అయ్యే డబ్బుకు కనీసం 24 గంటల ముందు ఎంత, ఎవరికి, ఎప్పుడు అని తెలియజేయాలన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. 2021 అక్టోబర్ నుంచి గట్టిగా అమలవుతోంది. బాబాయికీ ముందురోజు ఆ మెసేజ్ వచ్చింది. అందులో ఉన్నదీ ఆ కంపెనీ పేరే. ఎవరో మోసగాళ్ల మెసేజ్ అనుకుని వదిలేశాడట. తెలియని లింకులు నొక్కొద్దని నేనే చెప్పి ఉన్నాను, తప్పు పట్టడానికి లేదు.

అందుకని ఆపే విధానం గురించి క్యాప్షన్‌లో మూడు మాటలుండాలని నా అభిప్రాయం. మొదటిది, “యాప్ తీసేస్తే డబ్బు ఆగదు” అని మొహమాటం లేకుండా చెప్పడం. ప్లే స్టోర్‌లో కొన్నా, ఐఫోన్‌లో కొన్నా, ఆటోపే పెట్టినా ఇది మారదు. రెండోది, ఆ ప్రకటన లింకు మనిషిని ఏ దారిలోకి తీసుకెళ్తుందో ఆ దారినే ఆపడం ఎలాగో రాయడం. లింకు వెబ్ పేజీకి, క్యాప్షన్‌లో దారి ప్లే స్టోర్‌కు అయితే, అసలు చెప్పకపోవడం కన్నా అది నష్టం. వెళ్లి చూసి ఏమీ లేదని ధైర్యంగా పడుకుంటారు. మెనూ పేర్లను తెరమీద ఎలా ఉంటాయో అలాగే రాయాలి, ‘చెల్లింపులు మరియు చందాలు’ అని అనువాదం చేస్తే ఇంగ్లీషు ఫోన్‌లో వెతికినా దొరకదు. మూడోది, బ్యాంకు మెసేజ్‌లో ఏ పేరు వస్తుందో ముందే చెప్పడం.

‘క్యాన్సిల్ ఎనీటైమ్’ మీద నాకు ప్రత్యేకంగా కోపం. ఐఫోన్‌లో ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే ఆపాలి. చివరి రోజు ఆపుదాంలే అనుకున్నవాడికి ‘ఎనీటైమ్’ అన్న మాట డబ్బు తిరిగివ్వదు.

ఇవన్నీ రాసినంత మాత్రాన కంపెనీ చేతులు కడుక్కోవచ్చా? 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 13 రకాల మాయలను పేరుపెట్టి నిషేధించాయి. వాటిలో ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ ఒకటి. ఆపే దారిని దాచడం, చిక్కుముడి చేయడం అందులోకి వస్తాయి. ఉచితంగా వాడుకోవడానికి కూడా పేమెంట్ వివరాలు లేదా ఆటో డెబిట్ అనుమతి ఇచ్చి తీరాలని పట్టుబట్టడమూ అందులోకే వస్తుంది. ఈ చివరిదాన్ని అక్షరాలా తీసుకుంటే మన ఫోన్లలో కనిపించే ఉచిత ట్రయల్స్‌లో చాలావాటికి ఇబ్బందే. కాబట్టి క్యాప్షన్ ఎంత బాగా రాసినా, పిన్ అడిగే ఆ పేజీని అది కడిగేయలేదు. నాకు పని ఇచ్చేవాళ్లకు ఈ మాట చెబితే నచ్చదు. అయినా చెబుతున్నాను.

వారం తిరక్కుండానే ఎంవీపీ కాలనీలో జిమ్ నడుపుతూ సొంతంగా యాప్ పెట్టుకున్న ఒకాయన క్యాప్షన్ కోసం వచ్చాడు. ఆయన యాప్ ప్లే స్టోర్‌లోనూ ఐఫోన్‌లోనూ మాత్రమే అమ్ముతాడు, ఆటోపే పేజీ లేదు. ధర లైను ఆయనకిచ్చాను, ఆపే దారులు రెండూ ఇచ్చాను. “ముగియడానికి 24 గంటల ముందు ఆపండి” అని కూడా రాసి, పంపే ముందు బాబాయికి ఫోన్‌లో చదివి వినిపించాను.

“ముగిసేది ఎప్పుడ్రా? మొదలెట్టిన రోజు లెక్కలోకొస్తుందా, రాదా?” అన్నాడు.

నిజమే. సోమవారం పొద్దున ఏడింటికి మొదలెడితే తర్వాతి సోమవారం ఏడింటికి ముగుస్తుంది, దానికి 24 గంటల ముందంటే ఆదివారం పొద్దున ఏడు. ఆదివారం నిద్ర లేచి ఆపేవాడు ఓడిపోతాడు. లైను మార్చాను: “సోమవారం మొదలుపెడితే శనివారం రాత్రిలోపు ఆపేయండి. మొదటి రోజే ఆపేసినా మిగతా రోజులు వాడుకోవచ్చు.”

జిమ్ ఆయన ధర లైను వెంటనే ఒప్పుకున్నాడు, శనివారం లైనుకు నవ్వాడు. మొదటి రోజే ఆపేయొచ్చన్న వాక్యం దగ్గర మాత్రం ఫోన్ పక్కన పెట్టేశాడు. “అది చెబితే అందరూ మొదటి రోజే ఆపేస్తారు కదండీ” అన్నాడు. ఆపేస్తారు, అందుకే రాశానన్నాను. ఆలోచించి చెబుతానని వెళ్లాడు.