సవరణ: ప్రోబయోటిక్ లేబుల్ మీద ఉన్న అంకె

మునుపటి పోస్టులోని వాక్యం: “డబ్బా మీద 10 బిలియన్ సీఎఫ్‌యూ అని ఉంటే, ఒక్కో క్యాప్సూల్‌తో అన్ని బ్యాక్టీరియా లోపలికి వెళ్తాయి.”

ఇది అన్నిసార్లూ నిజం కాదు. సీఎఫ్‌యూ అంటే ల్యాబ్‌లో పెంచినప్పుడు కాలనీగా ఎదగగలిగిన కణాల లెక్క. చచ్చినవి ఇందులోకి రావు. అందుకే అంకె పక్కనున్న చిన్న అక్షరాలు తప్పక చదవండి. ‘ఎట్ ద టైమ్ ఆఫ్ మాన్యుఫాక్చర్’ అని ఉంటే అది తయారైన రోజు లెక్క మాత్రమే. ఎక్స్‌పైరీ వరకు ఉంటుందని రాస్తేనే అది మీకు పనికొచ్చే హామీ. అది కూడా లేబుల్ చెప్పినట్టు నిల్వ చేస్తేనే.

10 బిలియన్ అంటే 1000 కోట్లు. వేడి వంటగదిలో నెలకు సగం చొప్పున చస్తున్నాయని అనుకుందాం. నెలకు 500 కోట్లు, రెండు నెలలకు 250, నాలుగు నెలలకు దాదాపు 62 కోట్లు మిగులుతాయి. పొడి చూడ్డానికి మాత్రం అలాగే ఉంటుంది, రంగు, వాసన చూసి కనిపెట్టలేం.

వేడి కంటే తేమ తక్కువదేమీ కాదు. ఎండబెట్టిన కణాలు నిద్రాణంగా ఉంటాయి, తేమ తగిలితే ఆ స్థితి చెదిరి త్వరగా చస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా చల్లగా ఉండగానే మూత తీస్తే లోపల చెమ్మ పడుతుంది. క్యాప్సూల్ తీసుకుని వెంటనే బిగించండి, లోపలున్న సిలికా పొట్లం పారేయొద్దు.

లాక్టోబాసిల్లస్, బైఫిడోబ్యాక్టీరియం రకాలకే ఈ జాగ్రత్త ఎక్కువ కావాలి. బాసిల్లస్ కోయాగులాన్స్ గట్టి పొరతో కప్పుకున్న స్పోర్ రూపంలో ఉంటుంది కాబట్టి గది వేడిని బాగానే తట్టుకుంటుంది.