పోస్టులు డిలీట్ చేస్తె దొంగ పోతడా?

ఇప్పుడే ఫోన్ పెట్టేసిన, కోపంతోటి చెయ్యి ఇంకా వణుకుతుంది. పెద్దబావ ఫోన్. "ఏం బామ్మర్ది, నీ ఫేస్‌బుక్‌కు తాళం ఏసుకునుడు రాదా, నా ఎనిమిది వేలు ఎవలిస్తరు" అంటుండు. నేను దొబ్బినట్టే మాట్లాడుతుండు! ఆయన సంగతి చివరికి జెప్త, ముందు గీ రెండు దినాల కథ వినుండ్రి.

తెలిసినోని అకౌంట్ నుంచి "మా పాపకు ఓటెయ్యండి" అని లింక్ వచ్చింది, నొక్కిన, ఫేస్‌బుక్ లాగిన్ అడిగితె పాస్‌వర్డ్ కొట్టిన, అది దొంగ చేతికి పోయింది. తప్పు నాదే, ఒప్పుకుంట. తెల్లారి చిన్నాయన ఫోన్ చేసి "ఏందిరా, అరవై వేలు పెడితె నాలుగు లక్షలైనయంట, మాకు జెప్పనే లేదు" అనేదాంక నాకు తెలువనే తెలువదు. చూస్తె నా గోడ మీద పోస్టులే పోస్టులు, నా ఫోటో కింద కొత్త కారు బొమ్మ. నేనేమో ఇంకా పాత స్కూటీ మీదనే నల్గొండ ఊరంత తిరుగుతున్న.

గడియారం సెంటర్ దగ్గర సెల్ షాపుల పిల్లగానికి చూపిస్తె "గింతేనా అన్న" అని పోస్టులన్ని డిలీట్ చేసిండు, పాస్‌వర్డ్ మార్చిండు, మూడు వందలు దీస్కుండు. రాత్రి తొమ్మిదింటికి మళ్ల అదే కారు, అదే నాలుగు లక్షలు. ఇంట్ల దొంగ కూసున్నంక వాకిలి ఊడిస్తె ఏమైతది చెప్పుండ్రి! పాస్‌వర్డ్ మార్చేటప్పుడు Log out of other devices అని చిన్న డబ్బ వస్తది, దానికి టిక్ పెట్టలే మా ఘనుడు. ముందే లాగిన్ అయ్యి ఉన్నోనికి కొత్త పాస్‌వర్డ్‌తోటి పనేంది, వాడు బయిటికి పోతె గదా మళ్ల అడిగేది.

ఇగ నేనే కూసున్న. Accounts Center లోపట Password and security, అండ్ల Where you're logged in. రెండు కనవడ్డయి, ఒకటి హైదరాబాద్ అని, ఇంకోటి ఏదో విండోస్ కంప్యూటర్. హైదరాబాదోడే దొంగ అని తీసి పారేసిన, నా ఫోనే లాగౌట్ అయ్యింది! నెట్ కనెక్షన్‌ను బట్టి అందాజగ చూపెట్టే ఊరంట అది, నల్గొండల ఉన్నా హైదరాబాద్ అనొచ్చు. ఊరు గాదు, ఫోన్ మోడల్ చూడాలె, ఎప్పుడు వాడిండో ఆ టైం చూడాలె. మా ఇంట్ల కంప్యూటరే లేదు, గప్పుడు దొరికిండు గాడు.

కానీ దాన్ని తీసేస్తె అయిపోదు. పర్సనల్ డీటెయిల్స్‌ల జూస్తె నా నంబర్ కింద నాకు తెల్వని ఈమెయిల్ ఒకటి చేర్చిండు. అది ఉన్నన్ని దినాలు Forgot password నొక్కుకుంట వాడు ఎన్నిసార్లైనా లోపలికొస్తడు. అందుకే ముందు ఆ మెయిల్ పీకిన, తర్వాత పాస్‌వర్డ్ మార్చి ఈసారి డబ్బకు టిక్ పెట్టిన, పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ అడిగే టూ-ఫ్యాక్టర్ల వాడు ఏమన్న పెట్టిండా చూసి నాది పెట్టుకున్న. పోస్టులు తుడుసుడు అన్నిటికంటే ఆఖరుకు. మూడు వందలు పోతె పోయినయి, పిల్లగాడు ఎప్పుడన్న కనవడితె జెప్త.

మెసేజ్‌లు ఇంకో దరిద్రం. ఇన్‌బాక్స్ చూస్తె నీట్‌గ ఉంది, నేను ఖుషీ అయిన. వాడు అందరికి పంపి, ఆ చాట్లను ఆర్కైవ్‌ల దాసిండు, నాకు కనవడొద్దని. నలబై మూడు మంది! చాటంత డిలీట్ కొడితె నా దిక్కు మాత్రమే పోతది, అవతలోని ఫోన్ల అట్లనే ఉంటది. ఒక్కొక్క మెసేజ్‌ను ఒత్తి పట్టుకొని Unsend for everyone కొట్టాలె. పొద్దుందాక అదే పని. అయితె పైసలు పంపినోళ్ల చాట్లు మాత్రం ముట్టలే, యూపీఐ ఐడీ కనవడేటట్టు స్క్రీన్‌షాట్ దీసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసిన. పైసలు పోయినోళ్లు లేటు చెయ్యకుండ చెప్తెనే అవి ముందుకు పోకుండ ఆపనీకి ఛాన్స్ ఉంటది. నేను ముందే తుడిసేస్తె ఏం చూపెట్టాలె, నా మొఖమా?

గా చాట్లళ్లనే పెద్దబావది చూసిన. "హాయ్ బ్రో, చిన్న హెల్ప్, అర్జెంట్" అని వాడు పెట్టింది 10:12కు, బావ ఎనిమిది వేలు కొట్టింది 10:14కు. బ్రో అంట! అక్క పెండ్లయినకాడికెల్లి నేను ఆయనను బావ అనుడే తప్ప ఒక్కనాడన్న బ్రో అన్ననా? కనీసం ఒక ఫోన్ చేసి అడిగినవా బావా?

2019ల మా నాయనను ఆస్పత్రిల ఏసినప్పుడు నేనే ఫోన్ చేసి పది వేలు అడిగిన. ఏడ్సుకుంట అడిగిన. "జీతం పడలే బామ్మర్ది, చూద్దాం" అన్నడు. ఇప్పటిదాంక చూస్తనే ఉన్నడు. ఎవడో తెల్వనోడు బ్రో అంటె రెండు నిమిషాలల్ల పడ్డయి.

ఆ స్క్రీన్‌షాట్ 1930కే గాదు, మా అక్కకు గూడ పంపిన.