సున్నా ఎక్కడుందండీ?

నిన్న సాయంత్రం జరిగిన సంగతి. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి.

మా మేనకోడలు పదో తరగతి. అక్కా బావా సాలూరులో ఉంటారు, పిల్ల మా ఇంట్లో ఉండి విజయనగరంలోనే చదువుకుంటోంది. వాళ్ల ట్యూషన్ మాస్టారు నెలకోసారి పెద్దవాళ్లని పిలిచి, పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, వర్క్‌షీట్ చేయిస్తారు. ఫీజూ మాదే, పరీక్షా మాకే.

ఈసారి ఎకనామిక్స్. ఎ, బి అని రెండు ఊళ్లు, వాటి అక్షరాస్యత శాతం బార్ చార్టులో గీశారు. కింద ఓ పట్టిక. మొదటి ప్రశ్న: చార్టు చూసి మీరేం నిర్ధారిస్తారు?

నాది ప్లైవుడ్ షాపు. జేబులో స్టీలు టేపు లేకుండా పెళ్లికి కూడా వెళ్లను. కళ్లతో చూసి చెప్పడం ఎందుకని టేపు లాగి కొలిచాను. ఎ ఊరి బారు ఒక ఇంచీ, బి ఊరిది మూడు ఇంచీలు. నూలు తేడా లేదు. టేపు వదిలేస్తే చర్రుమని లోపలికి పోయింది. ఆ చప్పుడుకి గది మొత్తం నావైపు తిరిగింది. తిరిగారు కదా అని లేచి నిలబడి చెప్పేశాను.

"బి ఊళ్లో చదువు ఎ ఊరికి మూడింతలండి."

మాస్టారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఎ ఊరు 62 శాతం. దానికి మూడింతలంటే ఎంతండీ?" అన్నారు.

లెక్కల్లో నేను గట్టి. "186" అన్నాను, ఠక్కున.

"నూటికి నూట ఎనభై ఆరుగురా?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మా పిల్ల పుస్తకంలో తల దాచుకుంది. మాస్టారు అంతటితో ఆగొచ్చు కదా. ఆగలేదు. "సరే, చార్టులో సున్నా ఎక్కడుందో చూపించండి" అన్నారు.

వెతికాను. అడుగున చూశాను, పైన చూశాను, కళ్లజోడు తీసి చూశాను. సున్నా కోసం అంత వెతికింది ఇంటర్ మార్కుల లిస్టులో కూడా లేదు, అక్కడ వెతక్కుండానే దొరికింది. చివరికి నిలువు గీత అడుగున ఓ సున్నా కనపడితే సంబరంగా వేలు పెట్టాను.

"అది 60లో సున్నా అండీ."

నిజమే. ఆ నిలువు గీత సున్నా దగ్గర కాదు, 60 దగ్గర మొదలైంది. అంటే ఎ బారు 60 నుంచి 62 దాకా, రెండు గడులే. బి బారు 66 దాకా, ఆరు గడులు. నేను కొలిచింది 60 పైన మిగిలిన ముక్కల్ని. ప్రహరీ అవతల నిలబడ్డ ఇద్దరి తలలు చూసి, ఒకడు రెండోవాడికి మూడింతల పొడుగు అన్నట్టు. రెండు గడులకి ఒక ఇంచీ చొప్పున సున్నా నుంచి గీస్తే ఆ బార్లు 31 ఇంచీలు, 33 ఇంచీలు ఉండాలి. నా షాపులో అలాంటి రెండు చెక్కలు పక్కపక్కన పెడితే నేనే "ఇంచుమించు ఒకటేనండి" అని అమ్మేవాణ్ణి. తేడా నాలుగు శాతం పాయింట్లు, అంతే.

బారు చూసినప్పుడు కన్ను పొడుగునే పోలుస్తుంది, కాబట్టి బార్ చార్టు సున్నా నుంచి మొదలవ్వాలి, లైన్ చార్టుకి అంత పట్టింపు లేదు అన్నారు మాస్టారు. మరి మీరే ఇలా గీసిన కాగితం ఎందుకిచ్చారండీ అని నోటిదాకా వచ్చింది. మధ్యలో అంకెలు వదిలేశామని చెప్పడానికి అడుగున ఓ వంకర గీత పెట్టారట. జెరాక్సుకి జెరాక్సు తీసి తీసి అది చీమంత నల్ల మచ్చయింది. నేను నిజంగా చీమే అనుకుని ఊదాను కూడా.

రెండో ప్రశ్న, చదువుకున్నవాళ్లు ఏ ఊళ్లో ఎక్కువ? నేను నోరు తెరిచేలోపు మా పిల్ల పట్టిక చూసి చెప్పేసింది. ఏడేళ్లు నిండినవాళ్లు ఎ ఊళ్లో 5000, బి ఊళ్లో 2000. మన జనగణనలో అక్షరాస్యత లెక్క వాళ్ల మీదే కడతారు. 5000లో 62 శాతం 3100, 2000లో 66 శాతం 1320. శాతంలో బి, మనుషుల్లో ఎ.

మూడోది, బి ఊరు ముందుండడానికి కారణం? కొత్త కాలేజీ వచ్చింది కాబట్టి అని నేను అప్పటికే పెన్నుతో రాసేశాను.

"చార్టులో కాలేజీ ఎక్కడుందండీ?" అన్నారు మాస్టారు. ఇచ్చిన సమాచారంతో చెప్పలేం అన్నదే జవాబట. అలాంటి జవాబుకి కూడా మార్కులుంటాయని మా రోజుల్లో ఎవరూ చెప్పలేదు.

వస్తూ గంటస్తంభం దగ్గర జెరాక్సు షాపులో బండి ఆపాను. "ఆ వంకర గీత ఏమైందయ్యా?" అన్నాను.

"ఒరిజినల్లో ఉంటే నేనేటి మింగేశానా?" అన్నాడు.

పిల్ల స్కూటరు దిగకుండానే అంది, "మావయ్యా, వచ్చే నెల పై చార్టులట."

వచ్చే నెల వాళ్ల అత్తయ్యని పంపిస్తాను.